ఆసనాల పేర్లు తెలుగులో ఎలా రాయాలి? కొత్తవాళ్ల క్లాసుకు ఇచ్చే కాగితం గురించి

తుంగభద్ర_కర్నూలు

అందరికీ నమస్కారం. కర్నూల్లో మా కాలనీ కమ్యూనిటీ హాల్లో కొత్తవాళ్ల కోసం పొద్దున పూట యోగా క్లాసు మొదలుపెడుతున్నాం. పేర్లు ఇచ్చినవాళ్లలో ఎక్కువమంది యాభై దాటిన ఆడవాళ్లు, రిటైరైన మగవాళ్లు. ఇంగ్లీషు మీడియం చదివే మనవళ్లు, మనవరాళ్లు కూడా వాళ్ల వెంట వస్తామంటున్నారు. అందరికీ పనికొచ్చేలా ఒక కాగితం రెండు పక్కలా అచ్చు వేయించి ఇద్దామనుకుంటున్నాం. అందులో మూడు కాలమ్స్ ఉంటాయి. మొదటిది సంస్కృతం పేరు, రెండోది తెలుగు, మూడోది ఇంగ్లీషు.

వృక్షాసనం అంటే చెట్టు, త్రికోణాసనం అంటే ముక్కోణం, సేతుబంధాసనం అంటే వంతెన. ఇలాంటివి ఇబ్బంది లేకుండా వచ్చేశాయి. కొన్ని పేర్లు మాత్రం వినగానే అర్థమైనట్టే ఉంటాయి కానీ, రాయబోతే పెన్ను ఆగిపోతోంది. ఇవిగో:

తాడాసనం
వజ్రాసనం
దండాసనం
పశ్చిమోత్తానాసనం
భుజంగాసనం
శవాసనం

తెలుగు కాలమ్‌లో వీటికి ఏం రాయమంటారు? ఇంగ్లీషు పేర్లు కూడా ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉన్నాయి. తెలిసినవాళ్లు చెప్పండి.

బురుజు_దగ్గర

అక్కా, భుజంగాసనం సులభమే కదా. భుజం, అంగం కలిపితే భుజంగం. చేతుల మీద బరువు వేసి భుజాలతో పైకి లేస్తాం కాబట్టి ఆ పేరు వచ్చింది. ‘భుజాల ఆసనం’ అని రాసేయండి. ఇంగ్లీషులో కోబ్రా పోజ్ అంటారు. అది వాళ్లు చూడ్డానికి పాములా ఉందని పెట్టుకున్న పేరు అయ్యుంటుంది.

దండాసనం కూడా కష్టమేం కాదు. దండం అంటే కర్ర. కాళ్లు చాపి, నడుము నిటారుగా పెట్టి కర్రలా కూర్చోవడం.

అనంతపురం_పంతులు

నాయనా, దండాసనం విషయంలో మీరు చెప్పింది సరిగ్గా ఉంది. భుజంగం దగ్గర మాత్రం తెలుగు చెవి మనల్ని పక్కదారి పట్టిస్తుంది. భుజంగం అంటే పామే. భుజ అనే మాటకు వంపు అనే అర్థం ఉంది. వంకర్లు తిరుగుతూ పోయేది కాబట్టి పాముకు భుజంగం అని పేరు. తురంగం, విహంగం కూడా ఇలా ‘పోయేది’ అనే అర్థంతో వచ్చిన మాటలే. అక్కడ అంగం అనే ముక్కే లేదు. శివుణ్ణి భుజంగభూషణుడు అంటాం కదా, ఆ భుజంగమే ఇది. ఇంగ్లీషువాళ్లు కొత్తగా పెట్టిందేమీ లేదు, ఉన్న పేరునే వాళ్ల భాషలోకి తీసుకున్నారు.

అమ్మా తుంగభద్ర, మీరు ఆగిపోయిన పేర్లన్నీ దాదాపు ఒకే రకం. ఈ మాటలు తెలుగులో కూడా ఉన్నాయి, కానీ మనం రోజూ వాడేది వేరే అర్థంలో. భుజం అంటే మనకు భుజమే. దండం అంటే ముందు చేతులు జోడించడం గుర్తొస్తుంది, కర్ర తర్వాతే. పశ్చిమం అంటే పడమర. తాడాసనంలో తాడు వినిపిస్తుంది. చతురంగ దండాసనంలాగా వినగానే తెలియని పేరైతే అడిగి తెలుసుకుంటారు. తెలిసినట్టున్న పేరును ఎవరూ అడగరు. మీ కాగితం పనిచేయాల్సింది అక్కడే.

కడప_యోగా

పంతులుగారు చెప్పింది నేను క్లాసులో కళ్లారా చూస్తుంటాను. భుజంగాసనాన్ని భుజాలతో లేచే ఆసనం అనుకున్నవాళ్లను దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. మోచేతులు రెండు పక్కలకు విచ్చుకుంటాయి. భుజాలు చెవుల దాకా వస్తాయి. చేతులతో నేలను తోసి బొడ్డు కూడా పైకి లేపేస్తారు, మెడను వెనక్కి విరిచేస్తారు. ఆ రోజు సాయంత్రానికి నడుము పట్టేసిందని ఫోన్ వస్తుంది.

‘పాము పడగ ఎత్తడం’ అని చెప్పి చూడండి. పాము పడగెత్తినా మిగతా ఒళ్లు నేల మీదే ఉంటుందని మన ఊళ్లలో పిల్లలకు కూడా తెలుసు. ఆ మాట వినగానే బొడ్డు నేలకు ఆనించి, అక్కడి నుంచి పైభాగం మాత్రమే లేపుతారు. మోచేతులు పక్కటెముకలకు దగ్గరగా ఉంచమని చెబితే చాలు, చాలావరకు సరిపోతుంది. అందుకని ఉత్త ‘పాము’ అని కాకుండా ‘పడగెత్తిన పాము’ అని రాయండి.

ప్రొద్దుటూరు_అక్క

వజ్రాసనం గురించి మాట్లాడుతున్నారు కాబట్టి అడుగుతున్నా. నాకు రెండు మోకాళ్లూ అరిగాయని డాక్టర్ చెప్పారు. అన్నం తిన్నాక వజ్రాసనంలో కూర్చుంటే తిన్నది అరగడానికి మంచిదని మా చెల్లెలు రోజూ పోరు పెడుతోంది. కూర్చుంటే ప్రాణం పోతోంది. అలవాటైతే నొప్పి తగ్గుతుందా? ఎన్ని నిమిషాలు కూర్చోవాలి?

కడప_యోగా

అక్కా, వద్దు. వజ్రాసనంలో మోకాలు పూర్తిగా మడుచుకుని, దాని మీద ఒంటి బరువు పడుతుంది. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు, చీలమండ దెబ్బ తిన్నవాళ్లు దాని జోలికి పోకూడదు. తొడలు లాగినట్టుంటే అలవాటుతో తగ్గుతుంది. మోకాలి కీలులో నొప్పి అలా తగ్గేది కాదు. తిన్నాక కుర్చీలో నిటారుగా కూర్చోండి. మిగతాది మీ మోకాళ్లు చూసిన డాక్టర్‌నే అడగండి.

తుంగభద్ర గారూ, అక్క అడిగింది పేర్ల గురించి కాకపోయినా మీ కాగితానికి పనికొస్తుంది. యాభై దాటినవాళ్లు ఎక్కువమంది వస్తున్నారు కాబట్టి ‘ఎవరు చేయకూడదు’ అని నాలుగో కాలమ్ పెట్టండి. రెండు మూడు మాటలు చాలు. వజ్రాసనానికి మోకాళ్ల నొప్పి. భుజంగాసనానికి హెర్నియా, పొట్ట ఆపరేషన్ అయి రెండు మూడు నెలలు దాటనివాళ్లు. పశ్చిమోత్తానాసనానికి డిస్క్ జారినవాళ్లు, హెర్నియా ఉన్నవాళ్లు.

తుంగభద్ర_కర్నూలు

నాలుగో కాలమ్ పెడతాం సార్. ప్రొద్దుటూరు అక్కా, మీరు అడగడం మంచిదైంది. మా క్లాసులో కూడా మీలాంటివాళ్లు ఉన్నారు.

వజ్రాసనం సంగతి ఇంకా తేలలేదు. ఒక ఇంగ్లీషు పుస్తకంలో డైమండ్ పోజ్ అని, ఇంకోదాంట్లో థండర్‌బోల్ట్ పోజ్ అని ఉంది. ఏది తీసుకోవాలి?

తాడిపత్రి_బిడ్డ

మన జిల్లాల్లో ఇది అడగాల్సిన ప్రశ్నేనా అక్కా? తొలకరి పడితే చాలు, తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం తల వంచుకుని వజ్రాల కోసం వెతుకుతుంటారు. మా అనంతపురం వైపు ఊరి పేరే వజ్రకరూరు. మీ క్లాసుకు వచ్చేవాళ్లకు వజ్రం అంటే రాయే. డైమండ్ అని రాసేయండి.

అనంతపురం_పంతులు

సంస్కృతంలో వజ్రం అంటే రత్నమూ అవుతుంది, ఇంద్రుడి ఆయుధమూ అవుతుంది. ఆయుధం అనుకున్నవాళ్లు థండర్‌బోల్ట్ అన్నారు. రెండూ తప్పు కాదు. రెంటికీ సమానంగా ఉన్న గుణం గట్టిదనం. ఘేరండ సంహిత అనే పాత యోగా గ్రంథంలో కూడా కాళ్లను వజ్రంలా చేసి అనే చెప్పారు. అంటే బిగువుగా, కదలకుండా అని.

కాబట్టి తెలుగు కాలమ్‌లో వజ్రానికి ఇంకో మాట వెతకనక్కర్లేదు. ‘మడమల మీద స్థిరంగా కూర్చోవడం’ అని రాయండి. కొన్ని పేర్లకు అర్థం రాయాలి, కొన్నిటికి చేసే పని రాయాలి. అన్నిటికీ ఒకటే పద్ధతి పెట్టుకుంటే ఎక్కడో ఒకచోట చెడుతుంది.

బురుజు_దగ్గర

పంతులుగారూ, భుజంగం గురించి చెప్పినందుకు థాంక్స్. మరి పశ్చిమోత్తానాసనం? పడమటి వైపు తిరిగి లేవడం అనా? కాళ్లు చాపి ముందుకు వంగే ఆసనం కదా అది, అందులో లేవడం ఎక్కడుంది? ఇంటి దగ్గర మా అత్త ఆ పేరు విని పడమటి గోడ వైపు తిరిగి కూర్చుంటోంది.

అనంతపురం_పంతులు

మంచి ప్రశ్న. ఈ పేరులో రెండు చిక్కులున్నాయి. ఒకటొకటిగా చూద్దాం.

మొదటిది పశ్చిమం. పూర్వం, పశ్చిమం అనే మాటలకు మూలార్థం ముందు, వెనుక. మనిషి పొద్దు పొడిచే వైపు తిరిగి నిలబడితే ఎదురుగా ఉన్నది పూర్వం, వీపు వెనుక ఉన్నది పశ్చిమం. దిక్కుల పేర్లు అలా వచ్చాయి. ఈ ఆసనంలో పశ్చిమం అంటే ఒంటి వెనుక భాగం. మడమల దగ్గర మొదలై పిక్కలు, తొడల వెనుక భాగం, వీపు మీదుగా తల దాకా మొత్తం అదే. దీనికి ఎదురుగా పూర్వోత్తానాసనం అని ఇంకొకటుంది. అందులో సాగేది ఒంటి ముందు భాగం. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే దిక్కుకూ దీనికీ సంబంధం లేదని తెలిసిపోతుంది. మీ అత్తగారు ఏ గోడ వైపు కూర్చున్నా ఒకటే.

రెండోది ఉత్తానం. ఇది త-వత్తు మాట. బాగా సాగదీయడం అని అర్థం. చాలామంది దీన్ని థ-వత్తుతో ‘ఉత్థానం’ అని రాస్తారు. ఉత్థానం అంటే లేవడం. ఉత్థాన ఏకాదశి అంటే విష్ణువు నిద్ర లేచే ఏకాదశి. వత్తు మారితే వంగే ఆసనం కాస్తా లేచే ఆసనమైపోతుంది. బురుజు తమ్ముడికి వచ్చిన సందేహం అక్కడి నుంచే వచ్చింది. తమ్ముడు వత్తు సరిగ్గానే టైపు చేశాడు, అర్థం మాత్రం ఆ రెండో మాటది పట్టుకున్నాడు.

ఉత్తానానికి ఇంకో అర్థం కూడా ఉంది. వెల్లకిలా అని. హఠయోగ ప్రదీపిక అనే ఇంకో పాత గ్రంథంలో శవాసనం చెప్పినచోట ఉత్తానం అంటే ముఖం పైకి పెట్టి పడుకోవడమే. కాబట్టి ఒకే మాటను కాగితం మొత్తం ఒకేలా తర్జుమా చేయకండి.

కడప_యోగా

క్లాసులో దీని వల్ల వచ్చే తేడా చెబుతాను. ‘ముందుకు వంగడం’ అని మాత్రమే చెబితే అందరూ బొటనవేళ్లు అందుకోవాలని చూస్తారు. వీపు గూనిలా వంచి, మోకాళ్లు లేపి ఎలాగోలా తాకేస్తారు. తాకితే చాలు, ఆసనం వచ్చేసిందనుకుంటారు. కానీ అప్పుడు వంగింది నడుము పైభాగం మాత్రమే, తొడల వెనుక ఏమీ సాగలేదు.

‘ఒంటి వెనుక భాగం సాగదీయడం’ అని చెబితే వాళ్లే ఆ లాగుడు ఎక్కడుందో వెతుక్కుంటారు. పిక్కల్లో, తొడల వెనుక సమంగా లాగుతుంటే సరిగ్గా చేస్తున్నట్టు. నడుము కింద ఒక్కచోటే పోటు వస్తుంటే తప్పు. కొత్తవాళ్లు మడిచిన దుప్పటి మీద కూర్చుని, మోకాళ్లు కొంచెం వంచి, తుంటి దగ్గర నుంచి వంగాలి. చేతులు మోకాళ్ల దాకా వచ్చినా చాలు.

నా ఓటు ‘ఒంటి వెనుక భాగాన్ని సాగదీసే ఆసనం’కే. ఇంగ్లీషులో సీటెడ్ ఫార్వర్డ్ బెండ్ అని ఉంటుంది. అది చేసే పనిని బట్టి పెట్టిన పేరు, సంస్కృతానికి తర్జుమా కాదు. పిల్లలు యూట్యూబ్‌లో వెతుక్కోవడానికి ఇంగ్లీషు కాలమ్‌లో అదే ఉంచండి.

నంద్యాల_రోడ్డు_డీటీపీ

ఇలాంటి కాగితాలు అచ్చు వేసేది మేమే కాబట్టి ఒక మాట. మీరు వాట్సాప్‌లో యూనికోడ్ తెలుగు పంపితే చాలా షాపుల్లో అది వాళ్లు వాడే ‘అను’ అనే తెలుగు ఫాంట్‌లోకి నేరుగా ఎక్కదు. ఎదురుగా పెట్టుకుని కుర్రాళ్లు మళ్లీ టైపు చేస్తారు. వత్తులు అక్కడే మారతాయి. పంతులుగారు చెప్పిన ఉత్తాన, ఉత్థాన లాంటివైతే తప్పకుండా మారతాయి, ఎందుకంటే కుర్రాడికి ఉత్థాన అనే రూపమే చేతికి అలవాటు. మీ దగ్గర టైపు చేసిందాన్ని పీడీఎఫ్ చేసి పంపండి. లేదంటే ప్రూఫ్ కాపీ తీసుకుని వత్తులు ఒక్కొక్కటీ చూసుకోండి. అచ్చయ్యాక మార్చడానికి ఏమీ ఉండదు.

తుంగభద్ర_కర్నూలు

పీడీఎఫే పంపుతాం అన్నా. ఇక తాడాసనం. నేను చూసిన ఒక చార్టులో మౌంటెన్ పోజ్ అని రాసి, చేతులు పక్కన పెట్టుకుని నిలబడ్డ బొమ్మ వేశారు. మా టీచర్ నేర్పేది చేతులు పైకెత్తి, మడమలు లేపి నిలబడటం. ఏది తాడాసనం?

తాడిపత్రి_బిడ్డ

తాడి అంటే తాటిచెట్టు. మా ఊరి పేరులో ఉన్నది కూడా ఆ చెట్టే అని పెద్దలు చెబుతారు. కొండ ఎక్కడి నుంచి వచ్చింది? మౌంటెన్ అనేది తప్పు తర్జుమా.

కడప_యోగా

తప్పు కాదు తమ్ముడూ. రెండు పద్ధతులున్నాయి. యోగా గురువు బి.కె.ఎస్. అయ్యంగార్ పద్ధతిలో తాడ అంటే కొండ. పాదాలు కలిపి, చేతులు పక్కన పెట్టి, కదలకుండా నిటారుగా నిలబడటమే తాడాసనం. దాన్నే సమస్థితి అని కూడా అంటారు. ఇంగ్లీషు పుస్తకాల్లో మౌంటెన్ పోజ్ అనేది అక్కడి నుంచి వచ్చింది. ఆయుష్ మంత్రిత్వ శాఖ యోగా దినోత్సవం కోసం ఇచ్చే కామన్ యోగా ప్రోటోకాల్‌లో అదే పేరుకు పామ్ ట్రీ అని ఉంది. అందులో పాదాల మధ్య రెండంగుళాలు ఎడం పెట్టి, వేళ్లు పెనవేసి, అరచేతులు బయటికి తిప్పి పైకెత్తి, మడమలు లేపి 10 నుంచి 30 సెకన్లు నిలబడాలి.

పేరు ఒకటే, చేసే పని వేరు. తుంగభద్ర గారి టీచర్ నేర్పేది రెండోది. కాబట్టి తెలుగులో ‘తాటిచెట్టు’, ఇంగ్లీషులో ‘పామ్ ట్రీ పోజ్’ అనే ఉండాలి. వేరే చార్టు చూసి ఇంగ్లీషు కాలమ్‌లో మౌంటెన్ అని వేశారో, మనవరాలు ఇంటికెళ్లి యూట్యూబ్‌లో వెతికి ‘అవ్వా, నువ్వు తప్పు చేస్తున్నావు, చేతులు దించాలి’ అంటుంది. మూడు కాలమ్స్‌నూ మూడు చోట్ల నుంచి తీసుకోవద్దు. మీ టీచర్ నేర్పే భంగిమ బొమ్మ ముందు పెట్టుకుని, ఆ బొమ్మకు సరిపోయే పేర్లు రాయండి.

పెద్దవాళ్లకు మడమలు లేపడం ఇబ్బందైతే గోడ పక్కన నిలబెట్టండి. తల తిరిగే జబ్బు ఉన్నవాళ్లు మడమలు లేపకుండా చేతులు ఎత్తితే చాలు.

తాడిపత్రి_బిడ్డ

సరే అన్నా, అర్థమైంది. ఇంకో అనుమానం. వీరభద్రాసనానికి ఇంగ్లీషులో వారియర్ పోజ్ అని ఉంది కదా, దాన్ని చూసి తెలుగులో ‘యోధుడి ఆసనం’ అని రాసిన కాగితం ఒకటి చూశాను. లేపాక్షికి, రాయచోటికి పోయి వీరభద్రస్వామికి కొబ్బరికాయ కొట్టే మనకు యోధుడు అని చెప్పడం ఏంటి? నాకు బాధేసింది.

అనంతపురం_పంతులు

మీ బాధ న్యాయమైనదే. పేరున్నచోట తర్జుమా చేయకూడదు. దక్షయజ్ఞం కథ తెలిసినవాళ్లకు వీరభద్రుడు అంటే చాలు, ఆ కాళ్లు ఎడంగా వేసి నిలబడటం ఎందుకో వాళ్లకు తెలుస్తుంది. అర్ధమత్స్యేంద్రాసనం కూడా ఇలాంటిదే. మత్స్యేంద్రుడు నాథ సంప్రదాయపు గురువు. ‘సగం చేపల రాజు’ అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. అక్కడ ‘మత్స్యేంద్రుడి పేరున్న ఆసనం, నడుము మెలితిప్పి కూర్చోవడం’ అని రాయండి.

తుంగభద్ర_కర్నూలు

చివరగా శవాసనం. ఇది మా దగ్గర గొడవే అయింది. ఒక పెద్దావిడ ‘శవం అని రాసిన కాగితం ఇంట్లో పెట్టుకోను’ అన్నారు. ఆవిడ ఈమధ్యే భర్తను పోగొట్టుకున్నారు. ‘విశ్రాంతి ఆసనం’ అని మార్చమని ఇంకొందరు అంటున్నారు.

ప్రొద్దుటూరు_అక్క

మార్చండమ్మా. పొద్దున్నే ఆ మాట ఎందుకు? మా ఇంట్లో కూడా పెట్టుకోనివ్వరు.

అనంతపురం_పంతులు

హఠయోగ ప్రదీపికలో ఉన్నదే ‘శవంలా నేల మీద వెల్లకిలా పడుకోవడం’ అని. అలసట పోగొడుతుంది, మనసుకు విశ్రాంతినిస్తుంది అని దాని పక్కనే ఉంది. సంస్కృతం కాలమ్‌లో పేరు మార్చడానికి నేను ఒప్పుకోను. మారిస్తే రేపు ఇంకో క్లాసుకు పోయినప్పుడు వాళ్లకు ఆ పేరు తెలియదు.

కడప_యోగా

నాది ఇంకో ఇబ్బంది. ‘విశ్రాంతి’ అంటే చాలు, మనవాళ్లు పక్కకు తిరిగి, చెయ్యి తల కింద పెట్టుకుని పడుకుంటారు. ఐదు నిమిషాల్లో గురక. శవాసనంలో అసలు పని ఒంటిని ఎక్కడా కదపకుండా వదిలేసి, మెలకువగా ఉండటం. కాళ్లు ఎడంగా, అరచేతులు పైకి, చేతులు ఒంటికి కొంచెం దూరంగా ఉండాలి. ‘కదలకుండా వెల్లకిలా పడుకోవడం’ అని తెలుగు కాలమ్‌లో రాస్తే ఆ మాట రాకుండానే పని జరుగుతుంది. అయినా మొదటి కాలమ్‌లో పేరు ఉంటుంది కదా, ఆ పెద్దావిడ అభ్యంతరం దాని గురించే. దానికి నా దగ్గర జవాబు లేదు.

బురుజు_దగ్గర

ఆవిడ ఒక్కరికీ ఆ వరుస లేని కాగితం ఇవ్వొచ్చు కదా అక్కా. పీడీఎఫ్‌లో ఒక వరుస తీసేయడం ఎంతసేపు.

అనంతపురం_పంతులు

అది బాగుంది. ఆవిడకు అలా ఇవ్వండి. అందరి కాగితంలో మాత్రం పేరు ఉండనివ్వండి.

ప్రొద్దుటూరు_అక్క

ఒక్కరే అడిగారంటే మిగతావాళ్లకు ఇబ్బంది లేదని కాదు పంతులుగారూ. నోరు తెరిచి చెప్పినావిడ ఒక్కరే, అంతే.

తుంగభద్ర_కర్నూలు

అక్కా, మీరన్నది నిజమే. క్లాసులో అందరినీ విడివిడిగా అడిగి చూస్తాను. మిగతావి ఇప్పటికి ఇలా రాశాం, మరోసారి చూడండి:

తాడాసనం / తాటిచెట్టు: చేతులెత్తి, మడమలు లేపి నిలబడటం / పామ్ ట్రీ పోజ్ / తల తిరిగేవాళ్లు మడమలు లేపకూడదు

వజ్రాసనం / మడమల మీద స్థిరంగా కూర్చోవడం / డైమండ్ పోజ్ / మోకాళ్ల నొప్పి, చీలమండ దెబ్బ ఉంటే వద్దు

దండాసనం / కర్రలా నిటారుగా, కాళ్లు చాపి కూర్చోవడం / స్టాఫ్ పోజ్

పశ్చిమోత్తానాసనం / ఒంటి వెనుక భాగాన్ని సాగదీయడం / సీటెడ్ ఫార్వర్డ్ బెండ్ / డిస్క్ జారినవాళ్లు, హెర్నియా ఉన్నవాళ్లు చేయకూడదు

భుజంగాసనం / పడగెత్తిన పాము: బొడ్డు నేల మీదే ఉండాలి / కోబ్రా పోజ్ / హెర్నియా, ఈమధ్య పొట్ట ఆపరేషన్ అయితే వద్దు

నంద్యాల_రోడ్డు_డీటీపీ

నాలుగు కాలమ్స్ అయితే నిలువు కాగితంలో అక్షరాలు బాగా చిన్నవైపోతాయి అక్కా. పెద్దవాళ్లు చదవలేరు. కాగితాన్ని అడ్డంగా పెట్టి, తెలుగు కాలమ్‌కు ఎక్కువ చోటివ్వండి, ఇంగ్లీషు కాలమ్ సన్నగా ఉన్నా పర్లేదు. బొమ్మలు గీతలతో గీసినవైతేనే జిరాక్స్‌లో తేటగా వస్తాయి. ఫోటోలు పెడితే నల్లగా అలుక్కుపోతాయి.